పగటి నిద్రకు కావలి

మా పల్లెలో పగలు పడుకున్నవాడికి మర్యాద లేదు. పొద్దెక్కాక మంచం మీద కనిపించాడంటే వాడు జబ్బు మనిషన్నా అయ్యుండాలి, తాగుబోతన్నా అయ్యుండాలి. ఈ లెక్క మేం పెట్టుకున్నది కాదు. కూలికి పిలవడానికొచ్చిన కామందు పల్లె మొదట్లో నిలబడి కేకేస్తే ఎవడు లేచి రాలేదో వాడు సోమరి. అట్టా పుట్టిన లెక్క ఇది. మా తాత రాత్రంతా కామందు కళ్ళంలో ధాన్యానికి కావలి ఉండి, తెల్లారి అదే కామందు పొలంలో అరక కట్టేవాడు. ఆయన ఎప్పుడు నిద్రపోయేవాడో మా నాయనమ్మకే తెలియదు. రాత్రి పని మాకు కొత్త కాదు. రాత్రి పని చేసినవాడికి పగలు నిద్ర బాకీ ఉంటుందన్న మాటే కొత్త.

ఆ బాకీ గురించే రాస్తున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా తమ్ముడు ఐటీఐలో ఫిట్టరు చేసి, పల్నాడులో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పని చేస్తున్నాడు. మూడు షిఫ్టులు. పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10, రాత్రి 10 నుంచి తెల్లారి 6. ఆరు రోజులు ఒక షిఫ్టు, ఆదివారం సెలవు, మళ్ళీ ఆరు రోజులు ఇంకో షిఫ్టు. ఇరవై ఒక్క రోజులకి చక్రం ఒకసారి తిరుగుతుంది.

వాడు పరుగెత్తుతాడు. స్కూల్లో ఉన్నప్పుడు చెప్పుల్లేకుండా జిల్లా ఆటల్లో 3000 మీటర్లు పరుగెత్తి రెండోవాడిగా వచ్చాడు. ఉద్యోగంలో చేరాక పది కిలోమీటర్లు, ఇరవై ఒకటి, తరవాత మారథాన్, అంటే 42.195 కిలోమీటర్లు. 2023లో మొదటి మారథాన్ 3 గంటల 41 నిమిషాల్లో పూర్తి చేశాడు. కోచ్ లేడు, క్లబ్బు లేదు. సాగర్ కాలువ కట్ట ఒకటే వాడి స్టేడియం.

ఆ ఏడాది చలికాలంలో వాడు చేస్తున్నది చెబుతాను. ఎందుకంటే షిఫ్టుల్లో పనిచేసి పరుగెత్తే కుర్రాళ్ళలో నేను చూసిన నలుగురిలో ముగ్గురు ఇదే చేస్తున్నారు. నైటు దిగగానే బండి మీద నేరుగా కాలువ కట్టకి పోయేవాడు. పొద్దున్నే చల్లగా ఉంటుంది, కట్ట మీద మనుషులుండరు, ఇంటికి పోతే మళ్ళీ లేవలేనేమోనని భయం. ఎనిమిది, పది కిలోమీటర్లు గట్టిగా పరుగెత్తి, ఎనిమిదింటికి ఇల్లు చేరి, అన్నం తిని, తొమ్మిదింటికి పడుకునేవాడు. పదకొండున్నరకల్లా రేకుల వేడికో, నా కొడుకు ఏడుపుకో, వీధిలో కూరగాయల బండికో మెలకువ వచ్చేది. ఆపైన రాత్రి పదింటిదాకా ఏదో ఒక పని. వారానికి రెండు గట్టి పరుగులు, ఒక పొడుగు పరుగు అని పీఈటీ సారు రాసిచ్చిన కాగితం గోడకి అంటించుకుని, షిఫ్టు ఏదైనా సరే దాన్ని తప్పేవాడు కాదు.

నవంబరు, డిసెంబరు నెలల్లో వాడికి జలుబు మూడుసార్లు పట్టింది. పిక్క నొప్పి తగ్గింది అనుకుంటే మళ్ళీ వచ్చేది. ఒక తెల్లవారుజామున నైటు దిగి వస్తూ బండి మీదే కళ్ళు మూతలు పడి, కల్వర్టు దాటాక పత్తిచేలోకి పోయాడు. చెట్ల మీద పడ్డాడు కాబట్టి గీతలతో పోయింది. ఇంటికొచ్చి, "ఏం కాలేదన్నా, కునుకు పట్టింది" అన్నాడు.

కునుకు అంటే ఏమిటో నాకు లెక్కల్లో అయితేనే అర్థమవుతుంది. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చెయ్యీ కన్నూ, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి చెయ్యీ కన్నూ లాగానే తడబడతాయని 1997లో ఆస్ట్రేలియాలో పరీక్షలు చేసి తేల్చారు. మన మోటారు వాహనాల చట్టం తాగి నడపడానికి పెట్టిన హద్దు 0.03 శాతం. మధ్యాహ్నం పన్నెండింటికి లేచి తెల్లారి ఆరింటికి బండెక్కేవాడు 18 గంటలు మేలుకున్నట్టు. చుక్క ముట్టనివాడు తాగినవాడికంటే అన్యాయంగా బండి నడుపుతున్నాడన్నమాట. పత్తిచేలో పడ్డవాడి గురించి మాత్రం "తాగున్నాడేమో" అన్నది ఊరు.

అప్పుడే ఒక రిజిస్టరు కట్టాను. బళ్ళో హాజరు పట్టీ ఎట్టా ఉంటుందో అట్టాగే గీతలు కొట్టాను. తేదీ, షిఫ్టు, పడుకున్న టైము, లేచిన టైము, మొత్తం నిద్ర, లేవగానే పడుకునే ఉండి ఒక నిమిషం లెక్కపెట్టిన నాడి, పరుగు, ఆ పరుగు ఎంత కష్టమనిపించిందో పదికి మార్కు. అంతే. మూడు వారాలు ఏమీ మార్చొద్దు, రాయడమొక్కటే చెయ్యమన్నాను.

చక్రం ఒకసారి తిరిగాక కూడితే మధ్యాహ్నం షిఫ్టు వారంలో రోజుకి ఏడున్నర గంటల నిద్ర వచ్చింది. నైటు వారంలో నాలుగు గంటల చిల్లర. ఇది ఊహించిందే. ఊహించనిది పొద్దుటి షిఫ్టు. ఆ వారంలో అయిదున్నరే వచ్చింది. నాలుగున్నరకి లేవాలి కదా, పడుకునేదేమో పదకొండింటికి. రాత్రి ఇంట్లో ఉన్నానన్న సంతోషంలో టీవీ, కబుర్లు. మేం నైటునొక్కదాన్నే తిడుతున్నాం. పొద్దుటి షిఫ్టు కూడా దొంగే, కాకపోతే మర్యాదస్తుడిలా కనిపించే దొంగ.

మా మండలం పీహెచ్‌సీ డాక్టరమ్మకి రిజిస్టరు చూపించాం. ఆవిడ రక్తపరీక్ష చేయించి, రక్తహీనత లేదని చూసుకుని, ఆ తరవాత గడియారం సంగతి చెప్పింది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక గడియారం ఉంటుంది. అది ఎట్టా తిరుగుతుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకి నోబెల్ వచ్చింది. ఆ గడియారం కంటిలో పడే వెలుగుని చూసి టైము దిద్దుకుంటుంది. తెల్లవారుజామున నాలుగైదు గంటల మధ్య ఒంటి వేడి బాగా తగ్గుతుంది, మనిషి మొద్దులా ఉండేది అప్పుడే. సాయంత్రానికి ఒంటి వేడి ఎక్కువగా ఉంటుంది, కండరం బాగా పలుకుతుంది. ఆరు నైట్లు చేసినంత మాత్రాన ఈ గడియారం తలకిందులవదు. అందుకే పొద్దున ఏడింటికి పడుకున్నవాడికి, ఎవరూ లేపకపోయినా, నాలుగైదు గంటలకల్లా దానంతటదే మెలకువ వస్తుంది. "అది నీ బద్ధకమూ కాదు, నీ బలహీనతా కాదు, లోపల అలారం మోగుతుంది" అన్నదావిడ. "పగలు ఎనిమిది గంటలు ఏకధాటిన పడుకోవాలని పట్టుబట్టకు. రెండు ముక్కలుగా పడుకో. మొదటి ముక్కని ఎవరూ చెడగొట్టకుండా కాపాడుకో."

ఈ ఒక్క మాట మీదే మేం ఇల్లు సర్దుకున్నాం.

మొదటి పని వెలుగు. నైటు దిగి వచ్చేటప్పుడు కంట్లో పడే ఎండ గడియారాన్ని పగటి వైపుకి లాగుతుంది. నల్ల కళ్ళద్దాలు, టోపీ పెట్టుకుని రమ్మన్నది డాక్టరమ్మ. కానీ నిద్రమత్తులో ఉన్నవాడు నల్లద్దాలు పెట్టుకుని బండి నడిపితే ఇంకా ప్రమాదం. అందుకని నైటు వారంలో బండి తీయడం మాన్పించాం. నలుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నారు. ఆటోలో వెనక సీట్లో కూర్చున్నాకే అద్దాలు.

రెండో పని గది. మాకున్నవి రెండు గదులు. ముందుది రేకులది, వెనకది కాలనీ ఇచ్చినప్పుడు కట్టిన శ్లాబు గది. శ్లాబు కూడా వేడెక్కుతుంది గానీ పొద్దున పన్నెండింటిదాకా రేకులంత కాలదు. ఆ గదిని వాడికిచ్చాం. కిటికీకి నల్ల టార్పాలిన్ ముక్క కొట్టాం. శ్లాబు మీద గోనెసంచులు పరిచి, ఎండాకాలంలో పొద్దున ఎనిమిదింటికొకసారి, పదిన్నరకొకసారి నీళ్ళు చల్లాం. టేబుల్ ఫ్యాను గోడవైపు తిప్పి పెడితే ఒంటికి గాలి సూటిగా కొట్టదు, దాని మోత వీధి చప్పుళ్ళని మింగుతుంది. ఫ్యాక్టరీలో కంప్రెసర్ల దగ్గర చెవుల్లో పెట్టుకోమని పసుపుపచ్చ స్పాంజి బిరడాలు ఇస్తారు. అవే ఇంట్లోనూ పెట్టుకున్నాడు. సెల్లు అమ్మ దగ్గర ఉంటుంది.

మూడో పని టీ. నైటులో నాలుగు టీలు తాగేవాడు, చివరిది తెల్లారి అయిదింటికి. తాగిన టీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. అయిదింటి టీ పదింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుందన్నమాట. ఇప్పుడు రెండే టీలు, రాత్రి పదకొండింటికి ఒకటి, ఒంటిగంటకొకటి. ఒంటిగంట దాటాక మంచినీళ్ళే. అన్నం రాత్రి తొమ్మిదిలోపే ఇంట్లో తిని పోతాడు. దిగి వచ్చాక రెండిడ్లీలో, గ్లాసెడు రాగిజావో. ఆకలితో పడుకున్నా మెలకువొస్తుంది, కడుపునిండా అన్నం తిన్నా మెలకువొస్తుంది.

ఇట్టా చేసినా పొద్దున ఏడుంపావు నుంచి పన్నెండున్నరదాకానే నిద్ర పడుతుంది. అయిదుంపావు గంటలు. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిదాకా ఇంకో గంటన్నర. కలిపితే ఆరుమ్ముప్పావు. నాలుగు గంటలకీ ఆరుమ్ముప్పావుకీ తేడా ఆరు రోజులకి పదహారు గంటలు దాటుతుంది. రెండు రాత్రుల నిద్ర. సాయంత్రపు ఆ గంటన్నర ఉత్త కునుకు కాదు. దానివల్లే తెల్లారి నాలుగింటికి కన్వేయర్ దగ్గర నిలబడ్డప్పుడు చేతులు ఎక్కడున్నాయో వాడికి తెలుస్తుంది.

ఇదంతా రాసుకుంటే పది లైన్లు. నిలబెట్టడం మాత్రం ఇంట్లో ఆడవాళ్ళ మీద పడింది. నా భార్య రోలూ మిక్సీ సాయంత్రానికి మార్చుకుంది. పిల్లోణ్ణి తొమ్మిదింటికే అంగన్‌వాడీకి చేర్చి వచ్చేది. గిన్నెలు బోరింగు దగ్గరికి మోసుకుపోయి తోమేది. ఒకనాడు ఆమె నన్ను సూటిగానే అడిగింది. "మీ తమ్ముడి నిద్రకి నేను నీళ్ళు మోస్తున్నా. మరి మూడింటికి లేచే నా నిద్ర ఏ రిజిస్టర్లో రాస్తున్నారు మాస్టారూ?" పొద్దుటి షిఫ్టు వారంలో వాడికి క్యారేజీ కట్టడానికి ఆమే లేచేది. అప్పటినుంచి ఆ వారం వాడు రాత్రి చద్దన్నం డబ్బాలో సర్దుకుని పోతున్నాడు. శ్లాబు మీద నీళ్ళు, బడికి పోయే ముందొకసారి నేను చల్లుతాను, రెండోసారిది అమ్మ చూసుకుంటుంది. నిద్ర ఎక్కణ్ణుంచో ఊడిపడదు. ఇంట్లో ఒకడికి నిద్ర కావాలంటే ఇంకెవరో లేచి ఉండాలి. దాన్ని పంచుకోకపోతే అదీ ఒక వెట్టే.

అమ్మకి ఇంకో బాధ. పదింటికి ఎవరన్నా వచ్చి "చిన్నోడేడీ?" అంటే "పడుకున్నాడు" అని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. "పనికి పోయాడు" అనేది. లోపల పడుకున్నవాణ్ణి పనికి పోయాడనడం మొదట నవ్వొచ్చింది, తరవాత నాకు ఏడుపొచ్చింది. డెబ్బై ఏళ్ళుగా ఆమె ఒంట్లో ఉన్న భయం అది. ఒక మైకు రోజున పెళ్ళివారితో ఆమె అన్న మాట మాత్రం నేను విన్నాను. "ఎనిమిది గంటలు రాత్రంతా చాకిరీ చేసొచ్చాడయ్యా. ఇప్పుడు ఆడికి రాత్రి. మీ ఇంట్లో రాత్రి రెండింటికి నేనొచ్చి మైకు పెడితే ఊరుకుంటారా?" మైకు ఆగలేదు గానీ మొహం అటు తిప్పారు.

ఇక పరుగు. ఇక్కడ పీఈటీ సారు, నేను, తమ్ముడు కూర్చుని చేసిన మార్పు ఒక్కటే. ఏడు రోజుల కాగితం చింపేసి ఇరవై ఒక్క రోజుల కాగితం రాశాం. వారం అన్నది ఆదివారం సెలవున్నవాళ్ళ లెక్క. షిఫ్టు మనిషికి వారం అంటే ఇరవై ఒక్క రోజులే.

మధ్యాహ్నం షిఫ్టు వారం రాజా వారం. రాత్రి పదకొండున్నరకి పడుకుని ఏడింటికి లేస్తాడు, నిద్ర ఒకే ముక్క. గట్టి పరుగులు ఇక్కడ పెట్టాం. మంగళవారం కిలోమీటరు చొప్పున ఆరుసార్లు వేగంగా, మధ్యలో మూడేసి నిమిషాలు మెల్లగా. శుక్రవారం పన్నెండు కిలోమీటర్లలో నడిమి ఎనిమిది పోటీ వేగానికి కాస్త ముందు. ఆదివారం పొద్దున 28 నుంచి 32 కిలోమీటర్ల పొడుగు పరుగు.

పొద్దుటి షిఫ్టు వారంలో మొదటి మూడు రోజులు మెల్లని పరుగే, ఎందుకంటే అది నైటు వెనకే వస్తుంది. గురువారం, శనివారం సాయంత్రం అయిదింటికి గట్టి పరుగులు. ఆరున్నరకల్లా ఆపేయాలి, లేకపోతే ఒళ్ళు చల్లబడక తొమ్మిదింటికి నిద్ర పట్టదు. తొమ్మిదింటికి పడుకోకపోతే నాలుగున్నర లేపుడికి ఏడు గంటలు పూర్తి కావు. ఆదివారం తెల్లారకముందే రెండో పొడుగు పరుగు.

నైటు వారంలో గట్టి పరుగు ఒక్కటి కూడా లేదు. సాయంత్రం అయిదింటికి, కునుకుకి ముందు, నలభై నిమిషాలు మెల్లగా. రెండు రోజులు చివర్లో ఇరవై సెకన్ల చొప్పున ఆరు పరుగులు, కాళ్ళు వేగం మర్చిపోకుండా. మూడో రోజు అసలు పరుగే లేదు. నైటు దిగి పరుగెత్తడం పూర్తిగా బందు. నైటు దిగిన ఆదివారం పొద్దున ఏడు నుంచి పదిన్నరదాకానే పడుకోవాలి, లేపడం అమ్మ పని. ఆ రోజు మూడున్నర గంటలకి మించి పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు, సోమవారం ఆరింటి షిఫ్టుకి మళ్ళీ మొద్దులా పోతాడు.

వెనక మూడు వారాల్లో ఆరు గట్టి పరుగులు, మూడు పొడుగు పరుగులు చేసేవాడు. ఇప్పుడు గట్టివి నాలుగు, పొడుగువి రెండు. తమ్ముడు ఒప్పుకోలేదు. "తొమ్మిది చేస్తేనే 3.41 వచ్చింది, ఆరు చేస్తే యాడికి పోతానన్నా?" అన్నాడు. వాడి భయం నాకు తెలుసు. మనం ఇంకోడికంటే రెండింతలు చేస్తేగాని సమానం కామని చిన్నప్పట్నుంచి నేర్చుకున్నాం. చదువులో నేనూ అట్టాగే పోయాను. తగ్గించుకోమంటే ఓడిపొమ్మన్నట్టు వినపడుతుంది.

అందుకని వాదన పెట్టుకోకుండా కొలత పెట్టాం. కట్ట మీద తూము దగ్గర్నుంచి వంతెన దాకా పోయి వస్తే ఎనిమిది కిలోమీటర్లు. చేతి గడియారంలో నాడి చూసుకుంటూ 145 దాటకుండా ఆ దూరం పరుగెత్తాలి. మధ్యాహ్నం షిఫ్టు వారంలో 42 నిమిషాలు పట్టింది. పాత పద్ధతిలో నాలుగో నైటు తరవాత అదే నాడికి 46. అంటే ఒళ్ళు అంతే కష్టపడుతూ తక్కువ దూరం పోతోంది. ఆ రోజు గట్టి పరుగు పెడితే నాడి 170కి పోతుంది, వేగం మాత్రం రాదు. కష్టం ఖాతాలో పడుతుంది, ఫలం పడదు. దీన్ని చూశాక వాడు మాట్లాడలేదు.

రిజిస్టరు నుంచి రెండు నియమాలు తీశాం. మామూలుగా వాడికి లేవగానే నాడి 50. రెండు రోజులు వరసగా 57 దాటితే గట్టి పరుగు మెల్లని పరుగైపోతుంది. ఇరవై నాలుగు గంటల్లో కునుకుతో కలిపి అయిదు గంటలు నిద్ర లేకపోతే పరుగే ఉండదు, ఆ నలభై నిమిషాలు కూడా పడుకోవాలి. ఇవి వాడి ఒంటికి కుదిరిన అంకెలు. మీవి మీరు మూడు వారాలు రాసుకుంటేనే తెలుస్తాయి. నాడి ఒక్కదాన్నే నమ్మకూడదు, ఎండాకాలంలో నీళ్ళు తక్కువైనా పెరుగుతుంది. నాడి పెరిగి, మెల్లని పరుగు కూడా పదికి ఆరో ఏడో అనిపించి, ఊరికే చిరాకు పడుతుంటే అప్పుడు అది నిద్ర బాకీ.

2024 మార్చి నుంచి జూలై దాకా వాడికి ఒక్క జలుబే పట్టింది. పిక్క మళ్ళీ మాట్లాడలేదు. 145 నాడికి ఎనిమిది కిలోమీటర్లు 39 నిమిషాలకి దిగింది. నైటు వారంలో మాత్రం ఎప్పుడూ 41కి తగ్గలేదు. ఎంత కాపాడినా నైటు తన పన్ను తాను వసూలు చేసుకుంటుంది.

ఆ పన్ను రోటాలో ఉంది. ఫ్యాక్టరీలో వీళ్ళని వెనక్కి తిప్పేవాళ్ళు. నైటు తరవాత మధ్యాహ్నం, దాని తరవాత పొద్దున, మళ్ళీ నైటు. ఒంటి గడియారానికి రోజు సహజంగా ఇరవై నాలుగు గంటలకంటే కొద్దిగా పొడుగు. ఆలస్యంగా పడుకోమంటే తేలిగ్గా వింటుంది, ముందే పడుకోమంటే మొండికేస్తుంది. అందుకే పొద్దున, మధ్యాహ్నం, నైటు అని ముందుకి తిప్పడం మేలంటారు. నేను రెండు పద్ధతుల్లో షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య ఖాళీ లెక్కకట్టి ఇచ్చాను. వెనక్కి తిప్పితే 32, 32, 56 గంటలు. ముందుకి తిప్పితే 48, 48, 24 గంటలు. కూడితే రెండూ 120. ఒక్క పైసా ఖర్చు లేదు. పద్నాలుగు మంది సంతకాలు పెట్టి ఇచ్చారు. నాలుగు నెలలు తిప్పించుకుని, ఫిట్టర్ల బ్యాచికి మార్చారు.

కానీ ఆ 24 చూడండి. ఆదివారం ఆరింటికి నైటు దిగినవాడు సోమవారం ఆరింటికి పొద్దుటి షిఫ్టు ఎక్కాలి. రాత్రి షిఫ్టు చేసినవాడి వారపు సెలవు అంటే షిఫ్టు దిగినప్పటినుంచి వరసగా 24 గంటలు అని 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్లో ఉండేది. అంటే చట్టప్రకారం అది సెలవే. ఆఫీసులో వాడికి సెలవంటే రాత్రి నిద్ర, పగటి సెలవు, మళ్ళీ రాత్రి నిద్ర. నైటు మనిషికి ఆ సెలవులోనే రాత్రి బాకీ తీర్చుకోవాలి, అందులోనే బట్టలుతుక్కోవాలి, అందులోనే రేపటి నాలుగున్నరకి నిద్రపోవాలి. నైటు తరవాత ఇంకో రోజు ఇమ్మని వీళ్ళు అడిగారు. కాంట్రాక్టు వాళ్ళకి అవి కుదరవన్నారు.

2024 ఆగస్టు హైదరాబాద్ మారథాన్ నైటు వారం చివరి ఆదివారం వచ్చి పడింది. పందెం మొదలయ్యేది తెల్లారకముందు. ఒంట్లో వేడి తక్కువగా ఉండే ఆ గంటలో, పైగా ఆరు నైట్ల బాకీతో, ఫ్లైఓవర్లు ఎక్కి దిగే దారిలో పరుగెత్తాలి. అది కుదరని పని. షిఫ్టు మార్చుకోవడానికి తోటివాడు ఒప్పుకున్నాడు, సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. మూడు నైట్లు చేసి, గురువారం తెల్లారి దిగి, మిగతా మూడు నైట్ల కూలి పోగొట్టుకున్నాడు. ఆ గురువారం ఏడు నుంచి పదింటిదాకానే పడుకున్నాడు. లేచి ఎండలో తిరిగాడు, ఈసారి వెలుగే కావాలి కదా. ఆ రాత్రి తొమ్మిదింటికి, శుక్రవారం ఎనిమిదిన్నరకి పడుకున్నాడు. శనివారం రాత్రి ఊరు కాని ఊళ్ళో నాలుగు గంటలే పట్టింది. దానికి భయపడొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది, పందెం ముందు రాత్రికంటే అంతకు ముందు రెండు రాత్రులే ముఖ్యమని. 3 గంటల 26 నిమిషాల్లో పూర్తి చేశాడు. మూడు పరుగులు తగ్గించుకుని, పదిహేను నిమిషాలు బాగుపడ్డాడు. సోమవారం పొద్దున ఆరింటికి షిఫ్టులో ఉన్నాడు.

ఇప్పుడు ఆ రిజిస్టరు జిరాక్సులు మా చుట్టుపక్కల తిరుగుతున్నాయి. విజయవాడలో నైటు డ్యూటీ చేసే నర్సు, నా పాత విద్యార్థిని, ఒకటి పట్టుకుపోయింది. గుంటూరులో ఒక వాచ్‌మెన్ కుర్రాడు పోలీసు సెలక్షన్ల పరుగు కోసం ఒకటి తీసుకున్నాడు. వాడు ఫోను చేసి, "సార్, మాది ఒకటే గది, ఆరుగురం. నల్ల టార్పాలిన్ కడితే మిగతా అయిదుగురు ఏం చెయ్యాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కళ్ళకి గుడ్డ, చెవులకి బిరడాలు, సాయంత్రం కునుకు, ఒంటిగంట తరవాత టీ బందు, నైటు వారంలో గట్టి పరుగు బందు. ఒక గదిలో చెయ్యగలిగినవి ఈ అయిదే. మిగతాది ఇల్లు, మిగతాది రోటా.

రాత్రి షిఫ్టు పని మనుషులకి క్యాన్సర్ తెచ్చే అవకాశం బలంగా ఉన్న పనుల జాబితాలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2007లో చెప్పింది, 2019లో మళ్ళీ పరిశీలించి అదే మాట నిలబెట్టింది. మా టార్పాలినూ గోనెసంచులూ దాన్ని ఆపలేవు. రాత్రి పని ఎవరో ఒకరు చెయ్యాల్సిందే, బట్టీ ఆరిపోకూడదు, ఆసుపత్రి మూయకూడదు. కానీ ఆ రాత్రులు ఎవరికి పడుతున్నాయో, పర్మనెంటు వాళ్ళకెన్ని, కాంట్రాక్టు వాళ్ళకెన్ని అని రోటా కాగితం తీసి పేర్లు చదివితే ఇంటిపేర్లే చెబుతాయి. యూనియన్లలో పనిచేసే మిత్రులు, విద్యార్థి సంఘాల పిల్లలు ఈ వ్యాసం చదువుతారని నాకు తెలుసు. జీతం, పీఎఫ్, బూట్లు అడిగేటప్పుడు ఇంకొక్క లైను చేర్చండి. నైటు వారం తరవాత 24 కాదు, 48 గంటలు. ఎక్కడ అడగాలన్నా ముందు ఆ ఊరి షిఫ్టు టైములతో ఖాళీలు కూడి, కాగితం మీద పెట్టి అడగండి. నాలుగు నెలలు తిప్పినా మాకు పనికొచ్చింది ఆ కాగితమే.